రిమోట్ వర్క్ పాలసీని టీమ్ లీడ్‌ల కోసం ఒక పేజీలోకి తేవడం ఎలా

టీమ్ లీడ్ పాలసీని తీరిక ఉన్నప్పుడు తెరవడు. పొద్దున స్టాండప్‌కి పది నిమిషాల ముందు టీమ్‌లో ఒకరి నుంచి మెసేజ్ వస్తుంది: "అన్నా, నాన్నకి ఆపరేషన్. సోమవారం నుంచి ఎనిమిది పనిదినాలు రాజమండ్రి నుంచి పనిచేస్తా, ఓకేనా?" అప్పుడు తెరుస్తాడు. పద్నాలుగు పేజీల ఇంగ్లిష్ డాక్యుమెంట్, అందులో నాలుగు అనుబంధాలు. చదివే టైమ్ ఉండదు. "సరే తమ్ముడూ, వెళ్లిరా" అనేస్తాడు. ఆ మాట చెప్పే అధికారం తనకు ఉందో లేదో తెలిసేది తర్వాతే.

ఆ పది నిమిషాల్లో అక్కరకొచ్చే పేజీ ఎలా తయారుచేయాలో చెప్పడమే ఈ మార్గదర్శి పని. లీడ్‌కి కావలసినవి మూడు జవాబులు: దీనికి నేనే అవునని చెప్పొచ్చా? నేను చెప్పలేకపోతే ఎవరు చెప్పాలి? ఎప్పటిలోగా? అర్హత, పరికరాలు, రిపోర్టింగ్, మినహాయింపులు అని నాలుగు భాగాలు చేసినా, ప్రతి భాగమూ ఈ మూడింటికే జవాబివ్వాలి. పాలసీ ఉద్దేశాలు, కంపెనీ విలువలు, ఇంటి నుంచి పనిచేస్తే కలిగే లాభాలు ఈ పేజీకి అక్కర్లేదు. వాటిని మొదటే పక్కన పెట్టేయండి.

ఉదాహరణగా ఒక నమూనా పాలసీ తీసుకుంటాను. హైదరాబాద్‌లో ప్రధాన ఆఫీసు, విశాఖపట్నంలో చిన్న ఆఫీసు ఉన్న మధ్యతరహా సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీకి ఉండే తరహాది. క్లాజులు నేను కూర్చినవే. ఇలాంటి డాక్యుమెంట్లలో తరచూ కనిపించే చిక్కులన్నీ వాటిలో ఉండేలా చూశాను. అంకెలు మీ కంపెనీలో వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం అదే.

ముందు నిర్వచనాలు, ఆ తర్వాతే మిగతావి

చాలామంది అర్హత సెక్షన్‌తో మొదలుపెడతారు. నా సలహా, రెండో సెక్షన్‌లో ఉండే నిర్వచనాలు మొదట చదవండి. తర్వాత వచ్చే ప్రతి వాక్యం అర్థాన్ని అవే నిర్ణయిస్తాయి. మన నమూనాలో మూడు నిర్వచనాలు చూడండి.

క్లాజు 2.3: "ఆమోదిత రిమోట్ ఉద్యోగి" అంటే కంపెనీ రోల్స్‌పై ఉండి, సెక్షన్ 4 ప్రకారం రాతపూర్వక ఆమోదం పొందిన వ్యక్తి. క్లాజు 2.5: "మేనేజర్" అంటే గ్రేడ్ 7 లేదా అంతకంటే పైస్థాయిలో ఉన్న రిపోర్టింగ్ మేనేజర్. క్లాజు 2.8: వేరుగా చెప్పకపోతే "రోజులు" అంటే క్యాలెండర్ రోజులు.

రెండోదాన్ని మళ్లీ చదవండి. ఈ కంపెనీలో టీమ్ లీడ్‌లు గ్రేడ్ 6. అంటే పాలసీలో "మేనేజర్ అనుమతించవచ్చు" అని ఉన్న ఏ చోటా ఆ అధికారం టీమ్ లీడ్‌కి రాదు. ఇది మొత్తం డాక్యుమెంట్‌లో ఒక్క లైను, అదీ నిర్వచనాల మధ్యన ఉంది. దీన్ని వదిలేసి సారాంశం రాస్తే, లీడ్‌లందరూ తమకు లేని అధికారాన్ని వాడడం మొదలుపెడతారు. తర్వాత హెచ్‌ఆర్ వాళ్లు ఆ రోజుల్ని హాజరు లెక్కలోంచి తీసేస్తే నష్టపోయేది అనుమతి అడిగిన కుర్రాడు. కాబట్టి మీ పేజీలో పై వరుసలోనే రాయాల్సిన వాక్యం: "ఈ పాలసీలో మేనేజర్ అంటే మీరు కాదు, మీ గ్రేడ్ 7 మేనేజర్." మీ కంపెనీలో దీనికి వ్యతిరేకంగా ఉండొచ్చు, లీడ్‌కి పూర్తి అధికారం ఉండొచ్చు. అప్పుడు అదే రాయండి. కానీ తేల్చకుండా ముందుకు వెళ్లవద్దు.

నిర్వచనాలతోపాటు ఇంకో క్లాజు వెతకండి: ఏ పత్రం దేనికంటే పైది అని చెప్పేది. మన నమూనాలో అది 1.4. సెక్షన్‌కీ అనుబంధానికీ తేడా వస్తే సెక్షన్‌దే చెల్లుతుందని చెబుతుంది. ఇది ఎందుకు కావాలో కాసేపట్లో తెలుస్తుంది.

రెండోసారి చదివేటప్పుడు గుర్తులు పెట్టడం

ఇప్పుడు పెన్సిల్‌తోనో హైలైటర్‌తోనో డాక్యుమెంట్ మొత్తం చదవండి. నాలుగు రంగులు, నాలుగు భాగాలకి. ఒక వాక్యం రెండింటికీ చెందితే రెండు రంగులూ వేయండి. ఉదాహరణకి "ప్రొబేషన్‌లో ఉన్నవారికి కంపెనీ లాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్లే అనుమతి లేదు" అన్నది పరికరాల సెక్షన్‌లో ఉన్నా, అర్హతకి కూడా సంబంధించిందే. పాలసీ రాసినవాళ్లు తమ సౌకర్యం కోసం సెక్షన్లు చేసుకుంటారు. ఆ అమరికను మీరు అలాగే పాటించాల్సిన అవసరం లేదు.

ప్రతి గుర్తు పక్కనా మార్జిన్‌లో నాలుగు సంగతులు రాయండి: ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఎప్పటిలోగా, క్లాజు నంబర్. వీటిలో ఏదైనా పాలసీలో లేకపోతే ఆ చోట ప్రశ్నార్థకం పెట్టండి. మీకు తోచింది నింపేయకండి. ఆ ప్రశ్నార్థకాలే చివర్లో హెచ్‌ఆర్‌కి వెళ్లే జాబితా అవుతాయి.

ఇంగ్లిష్‌లో ఉన్న పాలసీ అయితే కంటికి తప్పించుకునే షరతుల్ని పట్టుకోవడానికి ఈ మాటలు ఒక్కొక్కటిగా వెతకండి:

```
unless
except
provided that
subject to
notwithstanding
discretion
prior approval
```

ఒక్కో మాట దగ్గరా ఆగి, ముందు వాక్యంతో కలిపి చదవండి. మినహాయింపుల్లో ఎక్కువ భాగం "మినహాయింపులు" అనే శీర్షిక కింద ఉండవు. ఇలాంటి మాటల వెనక, వాక్యం చివర్లో ఉంటాయి.

ఇంకొకటి, బాధ్యతకీ వీలుకీ మధ్య తేడా. పాలసీలో "షల్" అని ఉన్నచోట మీ తెలుగులో "చేయాలి" అని, "మే" అని ఉన్నచోట "చేయవచ్చు" అని రాయండి, అంతే. "మేనేజర్ అనుమతించవచ్చు" అన్నదాన్ని "ఐదు రోజులు ఇస్తారు" అని రాస్తే, టీమ్‌లో ప్రతి ఒక్కరూ దాన్ని హక్కుగా భావిస్తారు. మేనేజర్ కాదన్నప్పుడు గొడవ లీడ్ మీదికి వస్తుంది. కుదించేటప్పుడు మాటలు తగ్గించొచ్చు, బలం మార్చకూడదు.

అర్హత: షరతుల్ని వరుస మార్చి రాయండి

నమూనాలో సెక్షన్ 4 ఇలా ఉంది. 4.1 ప్రకారం ప్రొబేషన్ పూర్తయిన ఉద్యోగులు వారానికి మూడు పనిదినాల వరకు రిమోట్‌గా పనిచేయడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. 4.2 ప్రకారం గత అప్రైజల్‌లో "అంచనాలను అందుకున్నారు" లేదా అంతకంటే మంచి రేటింగ్ ఉండాలి, పర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్‌లో ఉండకూడదు. 4.4 ప్రకారం క్లయింట్ ఒప్పందం డెలివరీ సెంటర్ లోపలే పని జరగాలని కోరితే, ఆ ప్రాజెక్టులో ఉన్నవారికి రిమోట్ వర్తించదు. అనుబంధం ఎ ప్రకారం వెండర్ల ద్వారా వచ్చిన కాంట్రాక్ట్ సిబ్బందికీ, నోటీస్ పీరియడ్‌లో ఉన్నవారికీ పాలసీ వర్తించదు.

పాలసీ వరుసలోనే కుదిస్తే లీడ్ ముందు ప్రొబేషన్ చూసి, తర్వాత రేటింగ్ చూసి, చివర్లో "అయ్యో, మన ప్రాజెక్టే డెలివరీ సెంటర్ ప్రాజెక్టు" అని తెలుసుకుంటాడు. వరుస తిప్పండి. తలుపు పూర్తిగా మూసేసే షరతు మొదట రావాలి. అంటే: కంపెనీ రోల్స్‌పై ఉన్నారా? నోటీస్ పీరియడ్‌లో ఉన్నారా? ప్రాజెక్టుకి డెలివరీ సెంటర్ షరతు ఉందా? ఈ మూడింటిలో ఎక్కడ ఆగినా మిగతావి చూడనక్కర్లేదు. దాటితే అప్పుడు ప్రొబేషన్, రేటింగ్.

ఇక్కడ ఒక జాగ్రత్త. రేటింగూ, ఇంప్రూవ్‌మెంట్ ప్లానూ ఒకరి వ్యక్తిగత సమాచారం. గ్రూప్ చాట్‌లో "నీ రేటింగ్ సరిపోదు కదా" అని లీడ్ రాసే పరిస్థితి రాకూడదు. అందుకే ఆ షరతు దగ్గర "ఇది హెచ్‌ఆర్ సరిచూస్తుంది, మీరు అడగకండి, చెప్పకండి" అని రాయాలి. పాలసీలో ఈ మాట లేకపోతే ఇది మీ సూచన అని తెలిసేలా వేరే రంగులో పెట్టండి. పాలసీ చెప్పిందీ మీరు చెప్పిందీ కలిసిపోతే, రేపు ఎవరైనా అడిగినప్పుడు ఏ క్లాజు చూపించాలో తెలియదు.

వారానికి మూడు రోజులు అన్నదాని దగ్గర "వరకు" అన్న మాట తప్పనిసరిగా ఉంచండి. అది పై పరిమితి. అందరికీ మూడు రోజులు వస్తాయని కాదు. ఎన్ని రోజులన్నది ఆమోద పత్రంలో ఉన్న అంకెను బట్టి.

పరికరాలు: వస్తువుల జాబితా కాదు, కదలికలు

పరికరాల భాగంలో చాలా సారాంశాలు లాప్‌టాప్, హెడ్‌సెట్, చార్జర్ అని జాబితా రాసి ఊరుకుంటాయి. లీడ్‌కి జాబితాతో పనిలేదు. వస్తువు ఆఫీసు దాటేటప్పుడు, పోయినప్పుడు, తిరిగి ఇచ్చేటప్పుడు తను ఏం చేయాలన్నదే కావాలి.

దాటేటప్పుడు: ఆఫీసు ప్రత్యేక ఆర్థిక మండలిలో, అంటే ఎస్‌ఈజెడ్‌లో ఉంటే ఈ భాగం చాలా కఠినంగా ఉంటుంది. అక్కడి యూనిట్లు సుంకం లేకుండా తెచ్చుకున్న కంప్యూటర్లు మండలి దాటి బయటికి వెళ్లాలంటే నియమాలున్నాయి. 2022 జులైలో కేంద్ర వాణిజ్య శాఖ మండలాల నియమాల్లో 43ఎ అనే కొత్త నిబంధన చేర్చి ఇంటి నుంచి పనికి దారి ఇచ్చింది, అదే ఏడాది డిసెంబరులో దాన్ని సవరించింది కూడా. ఇంటి నుంచి పనిచేసేవారికి యూనిట్ ఇచ్చే పరికరాలూ ఆ అనుమతి పరిధిలోకే వస్తాయి. మన నమూనాలో ఇది క్లాజు 6.9గా కనిపిస్తుంది: ఎస్‌ఈజెడ్ యూనిట్‌కి చెందిన ఏ పరికరమూ అడ్మిన్ ఆమోదించిన గేట్ పాస్ లేకుండా బయటికి వెళ్లకూడదు. పాలసీలో కారణం రాసి ఉండదు. మీ పేజీలో అర లైనులో కారణం చెప్పండి, ఎందుకంటే "రేపు పాస్ చేయిద్దాంలే, ఇవాళ మానిటర్ తీసుకెళ్లు" అనే అలవాటు కారణం తెలిస్తేనే పోతుంది. ఒకే టీమ్‌లో కొందరి లాప్‌టాప్‌లు ఆ యూనిట్‌వీ, కొందరివి మామూలు ఆఫీసువీ ఉండొచ్చు. లాప్‌టాప్ మీద అంటించిన ఆస్తి నంబరును బట్టి అడ్మిన్ వాళ్లు తేల్చగలరు.

పోయినప్పుడు: క్లాజు 6.7 ప్రకారం లాప్‌టాప్ పోయినా దొంగతనం జరిగినా, తెలిసిన రెండు గంటల్లోగా ఐటీ సెక్యూరిటీకి చెప్పాలి. 24 గంటల్లోగా పోలీసు ఫిర్యాదు చేయాలి. ఇక్కడ రెండు గంటలు అన్న అంకె ఎందుకంత గట్టిగా ఉందో లీడ్‌కి తెలియాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, డేటా బయటికి పొక్కడం లాంటి సైబర్ సంఘటనల్ని కంపెనీ గమనించిన ఆరు గంటల్లోగా సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలి. ఉద్యోగి రాత్రంతా వెతికి పొద్దున చెబితే, లాప్‌టాప్‌లో ఏముందో తేల్చుకోవడానికి సెక్యూరిటీ బృందానికి టైమే మిగలదు. కాబట్టి పేజీలో "ముందు ఐటీ సెక్యూరిటీకి ఫోన్, వెతకడం తర్వాత" అని రాయండి. ఫోన్ నంబర్ కూడా అక్కడే ఉండాలి. పాలసీలో నంబర్ ఉండదు, ఇంట్రానెట్‌లో చూడమని ఉంటుంది. లాప్‌టాప్ పోయినవాడికి ఇంట్రానెట్ ఎక్కడిది?

సొంత పరికరాల సంగతి ఒక వాక్యం చాలు: క్లయింట్ డేటాని సొంత లాప్‌టాప్‌లోగానీ ఫోన్‌లోగానీ తెరవకూడదు (6.5). దీనికి ఎవరూ మినహాయింపు ఇవ్వలేరు.

ఇంటర్నెట్ బిల్లు దగ్గర మన నమూనాలో ఒక చిక్కు ఉంది. క్లాజు 6.2 నెలకి 1,000 రూపాయల వరకు అంటుంది. హెచ్‌ఆర్ పంపిన ఒక పాత మెయిల్ 1,200 అంటుంది. క్లాజు 1.4 అనుబంధాల సంగతే చెప్పింది, మెయిల్స్ గురించి ఏమీ చెప్పలేదు. ఇలాంటప్పుడు పెద్ద అంకె రాసి టీమ్‌ని సంతోషపెట్టవద్దు, చిన్న అంకె రాసి జాగ్రత్తపడనూ వద్దు. "మొత్తం ఎంతో హెచ్‌ఆర్ ఖాయం చేయాలి" అని రాసి, ప్రశ్నల జాబితాలో చేర్చండి.

రిపోర్టింగ్: ఎవరికి, ఏది, ఎప్పుడు

ఈ భాగం చిన్నదే, కానీ రెండు రకాల పనులు ఇందులో కలిసి ఉంటాయి. టీమ్ సభ్యుడు చేయాల్సినవి ఒకవైపు, లీడ్ స్వయంగా చేయాల్సినవి ఇంకోవైపు. వాటిని విడదీయండి.

సభ్యుడు చేయాల్సినవి: ఉదయం 10 గంటల్లోగా పోర్టల్‌లో హాజరు, 11 నుంచి 4 వరకు అందుబాటులో ఉండడం (7.1, 7.3). ఆమోద పత్రంలో రాసిన ఊరు కాక వేరే చోటు నుంచి ఏడు రోజులకు మించి పనిచేస్తే ఐదు పనిదినాల ముందు తెలియజేయాలి, అత్యవసరమైతే అదే రోజు (7.4). అనుబంధం బిలో ఉన్న ఫారం మీద మాత్రం "మూడు రోజుల ముందు" అని ఉంది. ఇక్కడ 1.4 అక్కరకొస్తుంది. సెక్షన్‌దే పైచేయి కాబట్టి ఐదు పనిదినాలు. పేజీలో ఐదే రాయండి, పక్కన "ఫారం మీద మూడు అని ఉంటుంది, పట్టించుకోవద్దు" అని కూడా రాయండి. ఫారం నింపేవాళ్లకి కనిపించేది ఆ మూడే కదా.

లీడ్ చేయాల్సినవి: వారాంతంలో హాజరు తేడాలు సరిచూడడం, రెండు పనిదినాలు వరసగా అందుబాటులో లేనివారి సంగతి మేనేజర్‌కి చెప్పడం. "అందుబాటులో లేకపోవడం" అంటే ఏమిటో పాలసీ చెప్పకపోతే, చాట్‌లో పచ్చచుక్క లేదని కాదు. ఫోన్‌కీ మెసేజ్‌కీ ఎంతసేపటిలో జవాబు రావాలన్నది హెచ్‌ఆర్‌ని అడగాల్సిన ప్రశ్న. అది తేలకుండా లీడ్‌లు తలా ఒక కొలత పెట్టుకుంటే, ఒక టీమ్‌లో అరగంటకి నోటీసు, పక్క టీమ్‌లో అడిగే దిక్కే ఉండదు.

మినహాయింపులు: ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి

సెక్షన్ 9 చూద్దాం. 9.2: వ్యక్తిగత అత్యవసర పరిస్థితిలో ఆమోదిత రిమోట్ ఉద్యోగికి మూడు నెలలకి ఐదు అదనపు పనిదినాల వరకు మేనేజర్ అనుమతించవచ్చు. 9.3: అంతకు మించినవీ, 9.2 పరిధిలోకి రానివారివీ బిజినెస్ హెడ్, హెచ్‌ఆర్ కలిసి నిర్ణయిస్తారు. 9.4: ప్రసూతి సెలవు తర్వాత తిరిగి వచ్చేవారి అభ్యర్థనలు. 9.5: వైకల్యం ఉన్నవారికి కావలసిన సర్దుబాట్లు. 9.6: ఈ సెక్షన్‌లో ఏదీ 4.4ని, 6.5ని అధిగమించదు. 9.7: విదేశం నుంచి పనిచేయడానికి లీగల్, పన్ను విభాగాల ముందస్తు అనుమతి తప్పనిసరి.

మినహాయింపుకి కూడా అర్హత ఉంటుంది. అందరూ తప్పేది ఇక్కడే. 9.2ని "అత్యవసరమైతే ఐదు రోజులు" అని కుదిస్తే "ఆమోదిత రిమోట్ ఉద్యోగి" అన్న మాట ఎగిరిపోతుంది. దానితోపాటు ప్రొబేషన్‌లో ఉన్నవారు, ఇంకా దరఖాస్తు చేయనివారు అందరూ లోపలికి వచ్చేస్తారు. ప్రతి మినహాయింపునీ ఈ ఐదు సంగతులతో రాయండి: ఎవరికి, ఏ కారణానికి, ఎంతవరకు, ఎవరు నిర్ణయిస్తారు, దేన్ని దాటదు. ఐదోది మరీ ముఖ్యం. మన నమూనాలో 9.6 లేకపోతే, కరుణ చూపాలన్న ఆతృతలో ఎవరో ఒకరు సొంత లాప్‌టాప్‌లో క్లయింట్ డేటాకి ఒప్పుకుంటారు.

9.4 దగ్గర కాసేపు ఆగాలి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణలో, పని స్వభావం అనుమతిస్తే ప్రసూతి సెలవు తర్వాత యజమానీ ఉద్యోగినీ ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద ఇంటి నుంచి పనిచేయనివ్వవచ్చు అన్న ఏర్పాటు వచ్చింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంది. అది "ఇవ్వాలి" కాదు, "ఇవ్వవచ్చు". అయినా లీడ్ తన స్థాయిలో కాదని చెప్పే విషయం కాదిది. డెలివరీ సెంటర్ ప్రాజెక్టులో ఉన్న ఒక తల్లి అడిగితే 9.6 అడ్డొస్తుంది, కానీ ఆమెని వేరే ప్రాజెక్టుకి మార్చే వీలు హెచ్‌ఆర్ చేతిలో ఉంది. లీడ్‌కి ఆ వీలు కనిపించదు. అందుకే 9.4, 9.5 రెండింటికీ పేజీలో ఒకటే సూచన: "మీరు అవుననవద్దు, కాదనవద్దు. అదే రోజు హెచ్‌ఆర్‌కి పంపండి. వైద్య వివరాలు మీరు అడగవద్దు." తొందరపడి చెప్పిన "కాదు" వల్ల ఒక మనిషి ఉద్యోగం మానేసిన తర్వాత ఏ క్లాజూ దాన్ని సరిచేయలేదు.

విదేశం సంగతి చిన్నగానే రాయొచ్చు. డాలస్‌లో అక్కయ్య దగ్గరికి వెళ్లి రెండు వారాలు అక్కడి నుంచి పనిచేస్తానంటే, ఎన్ని రోజులైనా లీడ్‌కీ మేనేజర్‌కీ అధికారం లేదు. వీసా షరతులు, పన్ను, క్లయింట్ డేటా దేశం దాటడం, ఈ మూడూ లీగల్ వాళ్లు చూడాల్సినవి. టికెట్లు కొన్నాక అడగకూడదని టీమ్‌కి ముందే చెప్పి ఉంచాలి.

ఒక కేసుతో పరీక్షించండి

పేజీ రాశాక దాన్ని నిజమైన అభ్యర్థనతో పరీక్షించాలి. మొదట్లో చెప్పిన మెసేజ్‌నే తీసుకుందాం: సోమవారం నుంచి ఎనిమిది పనిదినాలు, రాజమండ్రి.

ఆ కుర్రాడు ఆమోదిత రిమోట్ ఉద్యోగి, ఆమోద పత్రంలో వారానికి మూడు రోజులు, ఊరు హైదరాబాద్ అనుకోండి. ఎనిమిది రోజులు వినగానే ఐదుకి మించింది కాబట్టి బిజినెస్ హెడ్ దగ్గరికి పంపాలనిపిస్తుంది. లెక్క చూడండి. మొదటి వారం సోమ నుంచి శుక్ర వరకు ఐదు పనిదినాలు. వాటిలో మూడు అతనికి మామూలుగా ఉన్నవే. అదనం రెండు. రెండో వారం సోమ, మంగళ, బుధ, ఆ మూడూ మామూలువే. మొత్తం అదనపు రోజులు రెండే. ఈ మూడు నెలల్లో అతను ఇంతకుముందు మూడుకి మించి వాడుకోకపోతే 9.2 కిందే సరిపోతుంది, గ్రేడ్ 7 మేనేజర్ ఒక్క మాటతో ఇవ్వవచ్చు.

ఇంకా ఊరి సంగతి ఉంది. సోమవారం నుంచి మరుసటి బుధవారం వరకు క్యాలెండర్ లెక్కన పది రోజులు. 2.8 ప్రకారం రోజులంటే క్యాలెండర్ రోజులు కాబట్టి ఏడుకి మించింది, 7.4 వర్తిస్తుంది. ఆపరేషన్ అత్యవసరం కనుక అదే రోజు తెలియజేస్తే చాలు. లాప్‌టాప్ ఎస్‌ఈజెడ్ యూనిట్‌దైతే గేట్ పాస్‌లో ఏ చిరునామా ఉందో అడ్మిన్‌ని అడగాలి.

అదే కుర్రాడు ప్రొబేషన్‌లో ఉంటే? 9.2 అతనికి లేదు. ఒక్క రోజైనా 9.3 దారే. పైగా లాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్లే అనుమతి లేదు, సొంత లాప్‌టాప్ వాడే వీలూ లేదు. అంటే బిజినెస్ హెడ్ సరేనన్నా పరికరం దగ్గర ఆగిపోతుంది. ఈ కేసులో లీడ్ ఇవ్వగల మంచి జవాబు: "తమ్ముడూ, ముందు నువ్వు బయల్దేరు. మొదటి రెండు రోజులు సెలవు పెట్టు. ఈలోగా నేను హెచ్‌ఆర్‌కి రాస్తా, లాప్‌టాప్ సంగతి కూడా అడుగుతా." మీ పేజీ చదివి ఒక లీడ్ ఐదు నిమిషాల్లో ఈ జవాబు దాకా రాగలిగితే పేజీ బాగున్నట్టు.

పరీక్షని మీరే చేయకండి. పాలసీ చదవని ఒక లీడ్‌కి పేజీ ఇచ్చి, రెండు కేసులూ చెప్పి, పక్కన కూర్చుని చూడండి. ఎక్కడ వెనక్కి వెళ్లి చదువుతున్నాడో అక్కడ మీ వాక్యం తిరగరాయాలి. ఎక్కడ ధీమాగా తప్పు చెబుతున్నాడో అక్కడ ఒక షరతు జారిపోయింది.

తయారైన పేజీలో ఒక భాగం ఇలా ఉంటుంది

> అత్యవసరంగా అదనపు రిమోట్ రోజులు (9.2, 9.3, 9.6)
> ఎవరికి: రిమోట్ ఆమోద పత్రం ఉన్నవారికి. ప్రొబేషన్‌లో ఉన్నవారికి కాదు.
> ఎంత: మూడు నెలలకి 5 అదనపు పనిదినాల వరకు. పత్రంలో ఉన్న వారపు రోజుల్ని ముందు తీసేసి లెక్కించండి.
> ఎవరు ఇస్తారు: మీ గ్రేడ్ 7 మేనేజర్ ఇవ్వవచ్చు. మించితే, లేదా పత్రం లేకపోతే, బిజినెస్ హెడ్, హెచ్‌ఆర్ కలిసి.
> మీ పని: అభ్యర్థన వచ్చిన రోజే పోర్టల్‌లో పంపడం. నోటిమాటగా ఒప్పుకోవద్దు.
> దాటనిది: డెలివరీ సెంటర్ ప్రాజెక్టులు, సొంత పరికరాల్లో క్లయింట్ డేటా.

"ముందు తీసేసి లెక్కించండి" అన్నది పాలసీలో లేదు, "అదనపు" అన్న మాట నుంచి నేను తీసుకున్న అర్థం. దాన్ని హెచ్‌ఆర్ ఖాయం చేసేదాకా ఆ వాక్యం వేరే రంగులోనే ఉండాలి.

హెచ్‌ఆర్‌కి పంపడం, తర్వాత కాపాడుకోవడం

ప్రశ్నల జాబితాని పేజీతో కలిపి పంపండి. "ఒకసారి చూడండి" అని రాస్తే "బాగుంది" అనే జవాబే వస్తుంది. ప్రతి ప్రశ్నా అవును, కాదు, లేదా ఒక అంకెతో జవాబు చెప్పేలా ఉండాలి: "ఇంటర్నెట్ బిల్లు పరిమితి 1,000నా, 1,200నా?" "9.2లో అదనపు రోజులు అంటే పత్రంలో ఉన్న మూడింటికి పైవేనా?" "నాలుగు రోజులు అదనంగా ఇప్పటికే వాడినవారు మరో మూడు అడిగితే, మూడూ 9.3కి వెళ్తాయా, మించిన రెండేనా?" జవాబులు మెయిల్‌లోనే తీసుకోండి, ఆ తేదీని పేజీలో ఆ వాక్యం పక్కన రాయండి.

పేజీ అడుగున మూడు సంగతులు తప్పనిసరి: ఏ పాలసీ వెర్షన్ నుంచి తీశారు, ఏ తేదీన సరిచూశారు, తేడా వస్తే అసలు పాలసీదే చెల్లుతుందన్న మాట. పాలసీకి కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పేజీ మొత్తం మళ్లీ రాయనక్కర్లేదు. మార్జిన్‌లో రాసుకున్న క్లాజు నంబర్లు పట్టుకుని పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ వాక్యం మారాలో అరగంటలో తేలుతుంది. నిర్వచనాల సెక్షన్ మాత్రం ప్రతిసారీ పూర్తిగా చదవండి. అక్కడ గ్రేడ్ 7 కాస్తా గ్రేడ్ 6 అయితే, క్లాజులన్నీ అలాగే ఉన్నా మీ పేజీలో సగం వాక్యాలు మార్చాల్సి వస్తుంది. పాత ప్రతుల్ని చాట్ గ్రూపుల్లోంచి తీసేసి, ఒకే లింకు ఉంచండి.